జీతం 7న, కిస్తీ 5న – డ్యూ డేట్ మార్చమంటే కుదరదంటున్నారు

మూడో_అంతస్తు
కంపెనీ మారాను. పాత చోట జీతం నెల ఆఖరి పనిరోజున పడేది, పర్సనల్ లోన్ కిస్తీ 5వ తారీఖున కట్ అయ్యేది, ఏ ఇబ్బందీ లేదు. కొత్త చోట జీతం 7న. అంటే డబ్బు వచ్చే రెండు రోజుల ముందే కిస్తీ వచ్చి కూర్చుంటుంది. ప్రతి నెలా 3వ తారీఖు నుంచే టెన్షన్, ఎవరినో ఒకరిని అడగడం, 7న తిరిగి ఇవ్వడం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "అగ్రిమెంట్‌లో ఉన్న తేదీ సార్, మారదు" అని పెట్టేశారు. యాప్‌లో అలాంటి ఆప్షనే లేదు. బాకీ ఇంకా 6 లక్షలు ఉంది, 12 శాతం వడ్డీ, 48 కిస్తీలు మిగిలాయి, నెలకు 15,800. నాకు 10వ తారీఖు అయితే చాలు. ఎవరైనా మార్పించుకున్నారా? అదనంగా ఎంత పడుతుంది? క్రెడిట్ రిపోర్ట్‌లో ఏమైనా మచ్చ పడుతుందా?

సున్నా_బ్యాలెన్స్
జీతం తేదీ మార్చమని హెచ్ఆర్‌ని అడిగి చూడు. ఆ నవ్వు విన్నాక లోన్ వాళ్లే నయమనిపిస్తారు.

రవి_లెక్కలు
ఇంత ఆలోచన దేనికి? పాత ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేసి, 10వ తారీఖు పెట్టి కొత్త మాండేట్ ఇచ్చేయ్. నేను అదే చేశాను. అప్పటి నుంచి 10నే కట్ అవుతోంది, ఎవరూ ఫోన్ చేసి అడగలేదు.

వాన_చినుకు
నాది చాలా తేలిగ్గా అయిపోయింది. యాప్‌లో బిల్లింగ్ సైకిల్ అని ఉంటుంది, అందులో నచ్చిన తేదీ ఎంచుకుంటే తర్వాతి బిల్లు నుంచి మారిపోతుంది. వడ్డీ గిడ్డీ ఏమీ పడలేదు.

నిద్రలేని_పిచ్చుక
@వాన_చినుకు మీరు చెప్పేది క్రెడిట్ కార్డు గురించి. ఆయన అడిగేది లోన్ కిస్తీ. కార్డుకి బిల్లు వచ్చే తేదీని మార్చుకునే వీలుంటుంది. లోన్‌కి మొదటి రోజే ఏ నెల ఏ తేదీన ఎంత కట్టాలో పట్టిక రాసి సంతకం చేయించుకుంటారు.

వాన_చినుకు
ఓహో, అవును కార్డుదే. లోన్‌కి కూడా అలాగే ఉంటుందనుకున్నాను.

పాత_ఫైలు
చాలా ఏళ్లు లోన్ ఆపరేషన్స్‌లో పనిచేశాను. ఇలాంటి రిక్వెస్టులు నా టేబుల్ మీదికి వచ్చేవి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

లోన్‌లో రెండు తేదీలు ఉంటాయి. బయట నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి, ఎందుకంటే మామూలుగా ఒకే రోజు పడతాయి. ఒకటి డ్యూ డేట్, అంటే కిస్తీల పట్టికలో రాసి ఉన్న తేదీ. వడ్డీ లెక్క, ఆలస్య రుసుము, "ఎన్ని రోజులు బాకీ ఉన్నాడు" అన్న లెక్క, అన్నీ దీని నుంచే నడుస్తాయి. రెండోది డెబిట్ తేదీ, అంటే మీరిచ్చిన మాండేట్ పట్టుకుని మీ బ్యాంకు ఖాతా మీదికి వాళ్లు వచ్చే రోజు. ఇది వసూలు చేసే ఏర్పాటు మాత్రమే. లోన్ లెక్కకు దీనితో సంబంధం లేదు.

రవి గారు మార్చింది రెండోదాన్ని. పట్టికలో 5 అలాగే ఉండి, డెబిట్ మాత్రం 10న జరిగితే, సిస్టమ్ దృష్టిలో ఆయన ప్రతి నెలా అయిదు రోజులు లేటు. ఎవరూ ఫోన్ చేయకపోవడానికి కారణం ఉంది. చాలా చోట్ల వసూళ్ల వాళ్ల జాబితాలోకి పేరు ఎక్కే ముందు కొన్ని రోజులు వదిలేస్తారు. ఫోన్ రాలేదంటే లేటు కాదని అర్థం కాదు.

మీరు మార్పించుకోవాల్సింది డ్యూ డేట్. అది మారితే కిస్తీల పట్టిక మొత్తం కొత్తగా తయారవుతుంది. దానికి ఫోన్ సరిపోదు, రాతపూర్వకంగా అడగాలి. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తే వ్యక్తి తెర మీద ఆ బటన్ ఉండదు, అందుకే "కుదరదు" అంటారు. పాపం వాళ్ల తప్పేమీ లేదు.

రవి_లెక్కలు
@పాత_ఫైలు అంటే నేను ప్రతి నెలా లేటు అంటారా? నా స్కోరు నిక్షేపంగా ఉందండి, మొన్ననే చూసుకున్నాను.

పాత_ఫైలు
స్కోరు బాగుండొచ్చు, నేను కాదనను. స్కోరు లెక్కగట్టే క్రెడిట్ బ్యూరోకి వివరాలు పంపేది నెలలో కొన్ని నిర్ణీత రోజుల్లో ఉన్న పరిస్థితిని బట్టి. ఆ రోజులకి మీరు కట్టేసి ఉంటే బాకీ సున్నా అనే వెళ్తుంది. కానీ లోన్ ఇచ్చిన వాళ్ల సొంత రికార్డులో ఆ అయిదు రోజులు అలాగే ఉంటాయి. రేపు అదే చోట టాప్-అప్ అడిగితేనో, వడ్డీ తగ్గించమంటేనో బయటికి తీసేది ఆ రికార్డునే. ఒకసారి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని, కిస్తీ వరుస కింద చిన్న మొత్తం ఏదైనా విడిగా పడుతోందేమో చూడండి.

నిద్రలేని_పిచ్చుక
మా తమ్ముడికి అచ్చం ఇదే జరిగింది. బండి లోన్. బ్రాంచిలో ఉన్నాయన "తేదీ మార్చేశాం" అన్నాడు, డెబిట్ కూడా కొత్త తేదీకే జరుగుతూ వచ్చింది. లోన్ పూర్తయ్యాక నో డ్యూ సర్టిఫికెట్ అడిగితే "ఆలస్య రుసుము బాకీ ఉంది, అది కడితేనే ఇస్తాం" అన్నారు. ఏళ్ల తరబడి చిన్న చిన్నవిగా పడుతూ పోయిన మొత్తం. బ్రాంచి ఆయన ఎప్పుడో బదిలీ అయిపోయాడు, కాగితం ఏదీ లేదు. మార్చేశాం అన్నదానికి సాక్ష్యం మా తమ్ముడి జ్ఞాపకం ఒక్కటే.

సున్నా_బ్యాలెన్స్
మా ఇంట్లో కూడా బాకీల విషయంలో జ్ఞాపకశక్తి ఎప్పుడూ అవతలివాళ్లకే ఎక్కువ.

మూడో_అంతస్తు
ఇప్పుడు కొంచెం అర్థమైంది. సరే డ్యూ డేటే మార్చమంటాను. కానీ అయిదు రోజులు జరిపినందుకు ఎంత పడుతుంది? ప్రతి నెలా అదనంగా కట్టాలా?

పాత_ఫైలు
ప్రతి నెలా కాదు, ఒక్కసారే. మార్చిన నెలలో మీ రెండు కిస్తీల మధ్య దూరం నెలకు బదులు నెలా అయిదు రోజులు అవుతుంది. ఆ అయిదు రోజులూ మీ 6 లక్షల బాకీ వాళ్ల దగ్గర నుంచి తీసుకున్న డబ్బే కదా, దానికి వడ్డీ వేస్తారు. బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అంటారు. లెక్క ఇది:

```
6,00,000 × 12/100 × 5/365 = 986
```

తర్వాతి నెల నుంచి మళ్లీ 10 నుంచి 10 వరకు ఒక నెల, కిస్తీ 15,800 మామూలే. దీనికి తోడు మార్పు రుసుము కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. అది మీ అగ్రిమెంట్ వెనక ఉండే ఛార్జీల జాబితాలో ఉంటుంది. అందులో లేని రుసుము అడిగితే ఏ క్లాజు కింద అని రాసి అడగండి.

లెక్కతప్పదు
986 కాదండి, 1,000. నెల వడ్డీ 6,000, అయిదు రోజులంటే నెలలో ఆరో వంతు, 6,000ని 6తో భాగిస్తే 1,000.

పాత_ఫైలు
మీ లెక్కా తప్పు కాదు. నెలను 30 రోజులుగా తీసుకునే చోట 1,000 వస్తుంది, అసలు రోజులు లెక్కపెట్టి 365తో భాగించే చోట 986 వస్తుంది. ఏ పద్ధతో అగ్రిమెంట్‌లో ఉంటుంది. ఈ పద్నాలుగు గురించి ఉత్తరాలు రాయొద్దు గానీ, 986 దగ్గర 1,600 అని వస్తే మాత్రం వదలొద్దు.

లెక్కతప్పదు
1,600 ఎందుకొస్తుంది?

పాత_ఫైలు
ఆ 986ని మీ నుంచి ఇప్పుడే తీసుకోకుండా అసలులో కలిపేస్తే వస్తుంది. కిస్తీ 15,800 అలాగే ఉంచుతారు, కాబట్టి మీకు తేడా కనపడదు. ఆ 986 మీద 48 నెలల పాటు నెలకు ఒక శాతం వడ్డీ పెరుగుతూ పోయి చివరి కిస్తీలో సుమారు 1,590 ఎక్కువగా తేలుతుంది. మోసం అనలేం, అప్పు మీద అప్పు అంతే. అందుకే ఉత్తరంలోనే "బ్రోకెన్ పీరియడ్ వడ్డీ నేను విడిగా ఇప్పుడే కడతాను, అసలులో కలపవద్దు" అని ఒక వాక్యం రాయండి.

సున్నా_బ్యాలెన్స్
అయితే 28కి మార్పించుకుంటే ఒక నెల ఫ్రీ అన్నమాట. 5న కట్టక్కర్లేదు, హాయిగా 28న.

లెక్కతప్పదు
@సున్నా_బ్యాలెన్స్ 23 రోజుల వడ్డీ 4,537. ఫ్రీ అట!

సున్నా_బ్యాలెన్స్
నా జోకులకు కూడా వడ్డీ కట్టే వాళ్లున్నారు ఇక్కడ.

అద్దె_ఇల్లు
నాకొక సందేహం. జీతం 7న అయితే 8న పెట్టుకోవచ్చు కదా, 10 దాకా ఎందుకు? మూడు రోజుల వడ్డీతో పోతుంది.

నిద్రలేని_పిచ్చుక
7 ఆదివారం అయితే జీతం సోమవారం పడే కంపెనీలు ఉన్నాయి. వెంట ఇంకో సెలవు తగిలితే 9 అవుతుంది. ఒక్క బౌన్స్‌కి లోన్ వాళ్లు ఒక ఛార్జీ వేస్తారు, మన బ్యాంకు ఇంకొకటి వేస్తుంది. రెండు రోజుల వడ్డీ మిగుల్చుకోబోయి ఆ రెండూ కట్టడం ఎందుకు?

పాత_ఫైలు
పైగా ఏ తేదీ అంటే ఆ తేదీ ఇవ్వరు. వసూళ్ల ఫైలు నెలలో కొన్ని నిర్ణీత రోజులకే తయారవుతుంది, ఆ రోజుల్లో ఒకటే ఎంచుకోవాలి. 29, 30, 31 సాధారణంగా ఇవ్వరు, అన్ని నెలల్లో ఆ తేదీలు ఉండవు కాబట్టి. ముందు "మీ దగ్గర ఏయే తేదీలు ఉన్నాయి" అని అడిగి, జీతం తర్వాత మూడు రోజుల ఎడం ఉండే తేదీ తీసుకోవడం మంచిది. చాలా చోట్ల లోన్ మొత్తంలో ఒక్కసారో, ఏడాదికి ఒక్కసారో మాత్రమే మారుస్తారు. 8 అని తీసుకుని వచ్చే నెల 10 అంటే కుదరకపోవచ్చు.

మేడమీద_మొక్క
ఇదంతా ఎందుకు, ఒక కిస్తీ ముందే కట్టేసి ఉంచితే అయిపోదా? అప్పుడు 5న కట్ అయినా కాకపోయినా భయం లేదు. ఒక్కసారి 15,800 సర్దుకుంటే చాలు.

పాత_ఫైలు
@మేడమీద_మొక్క ఆలోచన బాగుంది కానీ డబ్బు ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం. లోన్ ఖాతాలోకి కడితే దాన్ని చాలామంది పార్ట్ పేమెంట్‌గా అసలులో తగ్గించేస్తారు. బాకీ 15,800 తగ్గుతుంది, కానీ 5న రావాల్సిన కిస్తీ అలాగే నిలబడి ఉంటుంది, ఖాతాలో లేకపోతే బౌన్స్ కూడా అవుతుంది. కట్టాను కదా అని మీరు, కట్టలేదని వాళ్లు. అదే 15,800 మీ సొంత పొదుపు ఖాతాలో, డెబిట్ జరిగే ఖాతాలోనే, ముట్టుకోకుండా ఉంచుకుంటే మీరన్నది పని చేస్తుంది. 5న అందులోంచి పోతుంది, 7న జీతం రాగానే మళ్లీ నింపుతారు. ఎవరినీ అడగక్కర్లేదు, వడ్డీ లేదు, రుసుము లేదు.

మూడో_అంతస్తు
@పాత_ఫైలు అంత సర్దే పరిస్థితే ఉంటే ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు సార్. కొత్త ఊరికి మారడం, అడ్వాన్సులు, అన్నీ ఒకేసారి పడ్డాయి. ఉత్తరంలో ఏం రాయాలో చెప్పండి. నేను రాస్తే బతిమాలినట్టు ఉంటుంది.

నిద్రలేని_పిచ్చుక
బతిమాలడం అస్సలు వద్దు. "ఇబ్బందుల్లో ఉన్నాను, కట్టలేకపోతున్నాను" అని రాశారో మిమ్మల్ని వేరే దారిలోకి నెట్టేస్తారు. అప్పుడది తేదీ మార్పు కాదు, రీస్ట్రక్చరింగ్ అవుతుంది, అంటే కట్టలేనివాళ్లకి లోన్ షరతులే మార్చడం. దానికి రిపోర్ట్‌లో వేరే గుర్తు పడుతుంది.

పాత_ఫైలు
పిచ్చుక గారు సగం కరెక్టు. ఒక్క మాట రాసినంత మాత్రాన రీస్ట్రక్చరింగ్ అయిపోదు, దానికి వేరే మంజూరు కావాలి. కానీ కట్టలేక అడుగుతున్నారా, జీతం తేదీ మారి అడుగుతున్నారా అన్నది ఉత్తరం చదివే మనిషికి మొదటి వాక్యంలోనే తెలియాలి. పాత బాకీ ఒక్క రూపాయి ఉన్నా సాధారణంగా తేదీ మార్చరు కాబట్టి అదీ చెప్పేయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"నా ఉద్యోగం మారినందున జీతం జమ అయ్యే తేదీ 7కి మారింది. నా లోన్‌లో ఇప్పటివరకు పాత బాకీ ఏదీ లేదు. డ్యూ డేట్‌ను 5 నుంచి 10కి మార్చవలసిందిగా కోరుతున్నాను. కిస్తీ మొత్తంలో గానీ, కిస్తీల సంఖ్యలో గానీ మార్పు కోరడం లేదు. బ్రోకెన్ పీరియడ్ వడ్డీ విడిగా కడతాను, ఎంతో తెలియజేయండి. మార్పు చేశాక కొత్త కిస్తీల పట్టిక పంపండి. ఈ మార్పు రీస్ట్రక్చరింగ్‌గా నమోదు కాదని రాతపూర్వకంగా ధ్రువీకరించండి. పాత మాండేట్ కొనసాగుతుందో, కొత్తది ఇవ్వాలో కూడా చెప్పండి."

దీనికి కొత్త కంపెనీ ఆఫర్ లెటర్‌లో జీతం తేదీ ఉన్న పేజీ గానీ, 7న జీతం పడినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ గానీ జత చేయండి. లోన్‌లో కో-అప్లికెంట్ ఉంటే వాళ్ల సంతకమూ కావాలి. ఇంకో సంగతి, 5 దగ్గర పడ్డాక పంపితే లాభం లేదు. వసూళ్ల ఫైలు కొన్ని రోజుల ముందే వెళ్లిపోతుంది. ఈ నెలది కట్ అయిన మర్నాడే పంపండి, నెలంతా చేతిలో ఉంటుంది.

అద్దె_ఇల్లు
ఈ ఉత్తరం దాచుకుంటున్నాను. నాది హోమ్ లోన్, కో-అప్లికెంట్ మా ఆయన, వేరే దేశంలో ఉన్నారు. సంతకం ఎలా? మెయిల్‌లో ఒప్పుకుంటే చాలా?

సున్నా_బ్యాలెన్స్
భార్యాభర్తలు మెయిల్‌లో ఒప్పుకోవడం కూడా ఒక ఘనకార్యమే.

మూడో_అంతస్తు
అప్‌డేట్. మీరు చెప్పినట్టే రాసి గ్రీవెన్స్ మెయిల్‌కి పంపాను, బ్రాంచిలో కూడా ఒక కాపీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. జవాబు వచ్చింది: "మీ అభ్యర్థన ఆమోదించబడింది. మీ ఆటో డెబిట్ తేదీ వచ్చే నెల నుంచి 10గా నవీకరించబడింది." అయిపోయినట్టేనా?

నిద్రలేని_పిచ్చుక
అయ్యో, ఆటో డెబిట్ తేదీ అన్నారు! డ్యూ డేట్ అనలేదు. ఇదే మా తమ్ముడి కథ మొదలైన చోటు.

లెక్కతప్పదు
వడ్డీ ఎంతో చెప్పలేదు చూడండి. డ్యూ డేట్ నిజంగా జరిగి ఉంటే 986 అడగకుండా ఉండరు. అడగలేదంటే జరగలేదు.

పాత_ఫైలు
@లెక్కతప్పదు సరిగ్గా పట్టారు. వడ్డీ అడగకపోవడమే గుర్తు. మూడో_అంతస్తు గారూ, అదే మెయిల్‌కి జవాబుగా రెండే ప్రశ్నలు రాయండి. నా కిస్తీల పట్టికలో వచ్చే కిస్తీ డ్యూ డేట్ ఏది? కొత్త పట్టిక ఎక్కడ? పట్టిక పంపలేకపోతే మార్చలేదనే అర్థం.

రవి_లెక్కలు
నేనూ స్టేట్‌మెంట్ తీశాను. పాత_ఫైలు గారన్నట్టు ప్రతి కిస్తీ కింద "ఆలస్య రుసుము" అని 52 పడుతోంది. సరే, పడనివ్వండి. నాకు మిగిలింది 20 కిస్తీలు, 52 చొప్పున 1,040. తేదీ మార్పించుకుంటే బ్రోకెన్ వడ్డీ, రుసుము కలిపి దాదాపు అంతే అవుతుంది. ఈ ఉత్తరాల గోల లేకుండా నా పద్ధతే చవక.

లెక్కతప్పదు
20 కిస్తీలకు లెక్క సరిపోతుందేమో గానీ ఆయనవి 48. నెలకు 52 అయినా 2,496 అవుతుంది.

పాత_ఫైలు
@రవి_లెక్కలు డబ్బు వరకే చూస్తే మీ వాదన కొట్టిపారేయలేను. కానీ ఆ 52 వాళ్లు ఇప్పుడు వేస్తున్న రేటు. అగ్రిమెంట్‌లో ఆలస్యానికి ఇంకేం రాసి ఉందో చూసుకోండి. మధ్యలో ఒక నెల 10న కూడా డెబిట్ ఫెయిలై, వాళ్లు ఒక వారం తర్వాత మళ్లీ వస్తే మీ లేటు అయిదు రోజుల నుంచి మొదలై లెక్కవుతుంది, సున్నా నుంచి కాదు. ఆ ఎడం మీకు ముందే ఖర్చైపోయింది.

రవి_లెక్కలు
ఫెయిలైతే కదా. నా జీతం ఆరున పడుతుంది.

మేడమీద_మొక్క
అందరూ అలాగే అనుకుంటారు.

మూడో_అంతస్తు
రెండో మెయిల్‌కి చివరికి పట్టిక వచ్చింది! మొదటి వరుసలో డ్యూ డేట్ 10, మొత్తం 16,786. రెండో వరుస నుంచి 15,800. కిస్తీల సంఖ్య 48 అలాగే ఉంది. రీస్ట్రక్చరింగ్ కాదని ఒక లైను రాశారు. మార్పు రుసుము అడగలేదు. విడిగా కడతానంటే "మొదటి కిస్తీలోనే కలిపాం, మీరేమీ చేయక్కర్లేదు, పాత మాండేట్ మీదే వస్తుంది" అన్నారు. హమ్మయ్య.

పాత_ఫైలు
ఇంకా హమ్మయ్య అనకండి. మీ పాత మాండేట్‌లో గరిష్ట మొత్తం ఎంత రాసి ఉంది? బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితాలో కనపడుతుంది. చివరి తేదీ కూడా చూడండి.

మూడో_అంతస్తు
గరిష్టం 16,000. చివరి తేదీ ఆఖరి కిస్తీ నెలలో 5. ఎందుకు?

లెక్కతప్పదు
అమ్మో. 16,786 కోసం వస్తారు, మాండేట్ 16,000 దాటి ఇవ్వదు. ఖాతాలో లక్ష ఉన్నా బౌన్స్ అవుతుంది!

పాత_ఫైలు
అంతే. ఆపరేషన్స్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి చూశాను. మనిషి అన్నీ సరిగ్గా చేసి, డబ్బు కూడా పెట్టుకుని, మొదటి నెలలోనే బౌన్స్ తింటాడు. బ్యాంకు చెప్పే కారణంలో "మొత్తం పరిమితి దాటింది" అని ఉంటుంది గానీ, లోన్ వాళ్ల మెసేజ్‌లో మాత్రం "చెల్లింపు విఫలమైంది" అనే వస్తుంది.

రెండు దారులున్నాయి. ఆ 986 ఇప్పుడే బ్రాంచిలో కట్టి, రసీదులో బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అని రాయించుకుని, 10న 15,800 మాత్రమే డెబిట్‌కి పంపుతారని మెయిల్ తీసుకోండి. లేదా పాతది తీసేసి, పరిమితి ఎక్కువగా పెట్టి కొత్త మాండేట్ ఇవ్వండి. మీకు రెండోదే ఎలాగూ తప్పదు. చివరి తేదీ 5 కాబట్టి, ఆఖరి కిస్తీ 10న వచ్చేసరికి పాత మాండేట్ గడువు అయిదు రోజుల ముందే తీరిపోయి ఉంటుంది. అదింకా నాలుగేళ్ల తర్వాతి సంగతి, అప్పటికి ఈ గొడవ ఎవరికి గుర్తుంటుంది? కొత్తది ఆమోదం పొందిందని మెసేజ్ వచ్చేదాకా పాతది రద్దు చేయకండి. వచ్చాక మాత్రం వెంటనే తీసేయమనండి. రెండూ బతికుంటే రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది.

సున్నా_బ్యాలెన్స్
తేదీ మార్చమంటే ఇంత పురాణమా! పెళ్లి ముహూర్తం మార్చడం తేలిక.

మూడో_అంతస్తు
986 బ్రాంచిలో కట్టేశాను. రసీదులో ముందు "ఇతరములు" అని రాశారు, గొడవ పడి మళ్లీ రాయించాను. కొత్త మాండేట్ 25,000 పరిమితితో, చివరి తేదీ ఆఖరి కిస్తీకి మూడు నెలల తర్వాతకు పెట్టి ఇచ్చాను. ఇంకా ఆమోదం రాలేదు. ఈలోపు 5న పాత పద్ధతిలో ఒకసారి వస్తారేమోనని భయం.

నిద్రలేని_పిచ్చుక
వస్తే రానివ్వండి, స్టాప్ పేమెంట్ మాత్రం పెట్టకండి. అది కూడా బౌన్సే. 5కి ఎలాగోలా డబ్బు ఉంచండి. ఈ ఒక్క నెలా పాత తిప్పలు తప్పవు.

పాత_ఫైలు
వస్తే ఆ కిస్తీ తీరినట్టే. 10న మళ్లీ రాకుండా 6నే మెయిల్ పెట్టండి. కట్టిన అయిదు రోజుల వడ్డీ 986 కూడా వెనక్కి అడగొచ్చు, ఎందుకంటే ఆ రోజులు మీరు వాడుకోలేదు. ఇస్తారా అన్నది వేరే విషయం.

అద్దె_ఇల్లు
నా ప్రశ్న మధ్యలో కొట్టుకుపోయింది. కో-అప్లికెంట్ విదేశంలో ఉంటే ఎవరైనా చేయించుకున్నారా? మా బ్రాంచిలో ఒకరు మెయిల్ చాలంటారు, ఇంకొకరు అసలు సంతకం కావాలంటారు.

పాత_ఫైలు
@అద్దె_ఇల్లు బ్రాంచిని బట్టి జవాబు మారితే బ్రాంచిని అడగడం ఆపేయండి. లోన్‌లో ఆయన పేరు మీద నమోదైన మెయిల్ ఐడీ నుంచే ఆయన్ని గ్రీవెన్స్ మెయిల్‌కి నేరుగా రాయమనండి, మీది సీసీలో పెట్టుకోండి. అసలు సంతకం కావాలంటే ఏ క్లాజు ప్రకారమో వాళ్లనే రాయమనండి. ఆ ఐడీ పాత ఆఫీసుదై ఉండి పని చేయకపోతే ముందు దాన్ని మార్పించుకోవాలి, దానికి మళ్లీ ఆయన సంతకం అడుగుతారు.

అద్దె_ఇల్లు
పాత ఆఫీసుదే.